నడుముకు టేపు చుట్టకుండా బరువు గురించి మాట్లాడొద్దు

గత ఏడాది ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో బీఎంఐ 24.8 అని, పక్కన ‘నార్మల్’ అని ఉంది. ఈ ఏడాది ఆఫీసు వేరే ల్యాబుకు మారింది. అదే ఎత్తు, అదే బరువు, అదే 24.8. పక్కన మాత్రం ఎర్ర అక్షరాల్లో ‘ఓవర్‌వెయిట్’ అని వచ్చింది.

ఆ రెండు కాగితాలూ పట్టుకుని మా క్లినిక్‌కు వచ్చిన ఆయనకు 37 ఏళ్లు. సొంతూరు మదనపల్లె దగ్గర, పని ఇక్కడ బెంగళూరులో ఒక ఆడిట్ ఆఫీసులో. (గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.) కె.ఆర్.పురం చుట్టుపక్కల క్లినిక్ పెట్టుకున్న నాలాంటివాళ్ల దగ్గరికి ఇలా తెలుగులో మాట్లాడొచ్చని వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. ఆయన నాన్నగారికి 46వ ఏట షుగర్ వచ్చింది. ఈ మధ్యే ఆఫీసులో నలభై కూడా నిండని ఒకతనికి స్టెంట్ వేశారు. ఆ వారమే ఈ రిపోర్టు చేతికి వచ్చింది. ఇక నిద్ర ఎలా పడుతుంది?

రక్తపరీక్షలు చూశాను. పరగడుపు షుగర్ 92. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.4. ట్రైగ్లిజరైడ్స్ 138, మంచి కొలెస్ట్రాల్ 44, చెడు కొలెస్ట్రాల్ 112. లివర్, కిడ్నీ, థైరాయిడ్ అన్నీ బాగున్నాయి.

“అన్నీ నార్మలే, నాకూ తెలుసు మేడం. అయినా ఓవర్‌వెయిట్ అంటున్నారు కదా. అంటే లోపల ఏదో మొదలైంది, రక్తంలో ఇంకా బయటపడలేదు, అంతేనా?”

ఈ ప్రశ్నకు మా వృత్తిలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. “రిపోర్టులన్నీ బాగున్నాయి, ఏం లేదు, వెళ్లి రండి” అనేది ఒకటి. “బరువు తగ్గండి, ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దాం” అనేది రెండోది. ఒకరోజు మొదటిది, ఇంకోరోజు రెండోది చెప్పే డాక్టర్లూ ఉన్నారు, బయట ఎంతమంది కూర్చున్నారన్నదాన్ని బట్టి. నా వాదన ఏంటంటే, ఈ రెండు జవాబులూ ఆయన అడిగిన ప్రశ్నకు కావు. ఆయన అడిగింది రాబోయే రోజుల గురించి. రక్తపరీక్ష ఈ రోజు సంగతి చెబుతుంది. బీఎంఐ అయితే అదీ చెప్పదు, ఈ మనిషిని ఇంకాస్త దగ్గరగా చూడాలా వద్దా అన్నంతవరకే దాని పని.

ముందు ఆ ఎర్ర అక్షరాల సంగతి తేల్చాలి. లేకపోతే ఆయన నా మాట వినే స్థితిలో లేరు.

కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. 70ని 1.68తో రెండుసార్లు భాగిస్తే 24.8. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే ఓవర్‌వెయిట్, 30 దాటితే ఊబకాయం. ఆ గీతలకు ఆధారం ఎక్కువగా యూరప్, అమెరికా జనం మీద చేసిన అధ్యయనాలు. ఆసియావాళ్లలో అంతకంటే తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బులు కనిపిస్తున్నాయని 2004లో ఆ సంస్థ నిపుణుల బృందమే ఒప్పుకుంది. 25, 30 గీతలను అలాగే ఉంచి, ఆసియా దేశాలు 23, 27.5 దగ్గరే జాగ్రత్తలు మొదలుపెట్టొచ్చని చెప్పింది. మన దేశంలో నిపుణులు 2009లో ఇంకో అడుగు ముందుకేసి 23 నుంచి ఓవర్‌వెయిట్, 25 నుంచి ఊబకాయం అన్నారు. పాత ల్యాబు ప్రపంచ గీత వాడింది, కొత్త ల్యాబు మన దేశపు గీత వాడింది. మధ్యలో ఆయన శరీరంలో మారిందేమీ లేదు.

“అయితే రెండింట్లో ఏది కరెక్టు మేడం?”

మనవాళ్లకు మన గీతే సరిపోతుంది. ఎందుకో చెప్పడానికి నేను తరచూ వాడే ఉదాహరణ ఒక ఫొటో. పుణెలో పనిచేసే డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లో పనిచేసే డాక్టర్ యుడ్కిన్ కలిసి దిగిన ఆ ఫొటోను 2004లో లాన్సెట్ పత్రిక వేసింది. ఇద్దరి బీఎంఐ సరిగ్గా ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకంలో తేడా లేదు, ఆ తూకం దేనితో వచ్చిందన్నదాంట్లో రెట్టింపుకు మించిన తేడా ఉంది. ఇద్దరు మనుషులతో ఏ సిద్ధాంతమూ రుజువు కాదు, అందులో ఒకాయన మారథాన్లు పరిగెత్తే మనిషి కూడా. కానీ బీఎంఐ ఏం చూడలేదో ఆ ఒక్క ఫొటో చెప్పేస్తుంది. కండా కొవ్వూ దానికి ఒకటే. కొవ్వు తొడల్లో ఉందా, పొట్టలో పేగుల చుట్టూ ఉందా అన్నది అసలే పట్టదు.

అలాగని గీత దాటగానే జబ్బు మొదలవదు. 22.9కీ 23.1కీ మధ్య తేడా రెండు గ్లాసుల నీళ్లంత. ఎక్కడో ఒకచోట గీయాలి కాబట్టి గీశారు. రిపోర్టు ప్రింటుచేసే కంప్యూటర్‌కు ఈ విచక్షణ ఉండదు, దానికి తెలిసినవి ఎరుపూ నలుపే.

ఇంతవరకూ విన్నాక ఆయన ముఖం కాస్త తేలికపడింది. అప్పుడు నేను టేపు తీశాను.

“నాది 32 సైజు ప్యాంటు మేడం,” అన్నారు. మా క్లినిక్‌లో మగవాళ్లందరూ చెప్పేదే ఇది. 32 అంగుళాలంటే 81 సెంటీమీటర్లు. కానీ పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు సైజు పెరగదు, ప్యాంటు కిందికి జారుతుంది. బెల్టు పొట్ట కిందికి చేరుతుంది, సైజు మాత్రం పెళ్లినాటిదే ఉంటుంది. అసలు కొలవాల్సింది అక్కడ కాదు. పక్కన చేయిపెట్టి తడిమితే చివరి పక్కటెముక తగులుతుంది, కింద తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు నేలకు సమాంతరంగా ఉండాలి. చొక్కా మీద కాదు, ఒంటి మీద. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. టేపు చూడగానే ప్రతివాళ్లూ పొట్ట లోపలికి లాక్కుంటారు, అందుకని నేను ఏదో ఒకటి మాట్లాడిస్తూ కొలుస్తాను. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరి వల్లా కాదు.

వచ్చింది 91 సెంటీమీటర్లు.

మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. ఇంకా సులువైన లెక్క ఒకటుంది, నడుము ఎత్తులో సగానికి మించకూడదు. ఆయన ఎత్తు 168, సగం 84. ఏ లెక్కన చూసినా పొట్ట ఎక్కువే. ‘ఓవర్‌వెయిట్’ అన్న మాట చెప్పలేని సంగతిని పది రూపాయల టేపు చెప్పింది.

పొట్ట మీద చేత్తో పట్టుకుంటే దొరికే కొవ్వు వేరు, లోపల పేగుల చుట్టూ చేరే కొవ్వు వేరు. లోపలి కొవ్వు నుంచి వచ్చే రక్తం చాలావరకు నేరుగా లివర్‌కే వెళ్తుంది. ఆ కొవ్వు లివర్‌లో చేరేకొద్దీ ఇన్సులిన్ మాట అది వినడం మానేస్తుంది. అప్పుడు పాంక్రియాస్ మరింత ఇన్సులిన్ పంపి నెట్టుకొస్తుంది. అది నెట్టుకొచ్చినంత కాలం షుగర్ 92 అనే వస్తుంది. అలసిపోయాకే రిపోర్టు మారడం మొదలవుతుంది. ‘లోపల ఏదో మొదలైంది’ అన్న ఆయన భయంలో పూర్తిగా అబద్ధం లేదని ఇక్కడ ఒప్పుకోవాలి. ‘ఏం లేదు, వెళ్లి రండి’ అనే జవాబు నాకు నచ్చనిది అందుకే. ఏదో ఉందని తనకు అనిపిస్తున్నప్పుడు డాక్టర్ కొట్టిపారేస్తే, పేషెంట్ ఆ భయాన్ని రాత్రి పన్నెండింటికి ఫోన్‌తో పంచుకుంటాడు.

ఇంకో ప్రశ్న అడిగాను. ఇరవై రెండేళ్లప్పుడు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, బరువెంత?

“58 ఉండేవాణ్ణి మేడం. క్రికెట్ ఆడేవాళ్లం.”

అంటే అప్పుడు బీఎంఐ 20.5. పదిహేనేళ్లలో 12 కిలోలు పెరిగారు. ఆ వయసు తర్వాత ఎముక పెరగదు. కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికి కండ పెరిగే దారి లేదు. వచ్చిందంతా దాదాపు కొవ్వే, చేరింది పొట్టలో. ఈ రోజు 70 ఉన్నవాళ్లు ఇద్దరుంటే, ఎప్పుడూ 68 దగ్గరే ఉంటూ వచ్చినతను వేరు, 58 నుంచి వచ్చినతను వేరు. ఈ ప్రశ్నకు ఖర్చు లేదు, అయినా రిపోర్టుల్లో దీనికి గడి లేదు.

ఇప్పుడు ఆయన అసలు ప్రశ్నకు జవాబు మొదలుపెట్టొచ్చు. మద్రాసులో డాక్టర్ మోహన్ బృందం 2005లో తయారుచేసిన ఒక స్కోరు ఉంది, ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ అంటారు. చెన్నై జనం మీద చేసిన సర్వే నుంచి వచ్చింది. నాలుగే సంగతులు అడుగుతుంది: వయసు, నడుము, వ్యాయామం, తల్లిదండ్రుల్లో ఎవరికైనా షుగర్ ఉందా. వందకు మార్కులు. అందులో బీఎంఐ ఊసే లేదు.

ఆయన చేతే లెక్కవేయించాను. ఆడిటర్ కదా, కూడికలు ఆయనకే బాగా వచ్చు. వయసు 35 నుంచి 49 మధ్య, 20. నడుము మగవాళ్లకు 90 నుంచి 99 మధ్య, 10. వ్యాయామం లేదు, పని కూర్చునేదే, 30. ఒకరికే, నాన్నగారికే షుగర్, 10. మొత్తం 70. అరవై, ఆపైన వస్తే రిస్క్ ఎక్కువ అని లెక్క.

మళ్లీ ముఖం వాడిపోయింది. అది వాడిపోకముందే చెప్పాల్సిన మాట నేను చెప్పి ఉండాల్సిందని మీరు అనుకోవచ్చు, కానీ అంకె చూశాకే ఈ మాట తలకెక్కుతుంది: ఈ స్కోరు పుట్టింది ఎవరికి ముందుగా షుగర్ టెస్ట్ చేయాలో తేల్చడానికి. 60 దాటినవాళ్లలో చాలామందికి టెస్ట్ చేస్తే షుగర్ ఉండదు. ఆయన టెస్ట్ అప్పటికే అయిపోయింది, షుగర్ లేదు. ఇది జాతకం కాదు. కానీ ఆ 70లో ఏ మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయో చూడమన్నాను. వయసు, నాన్న, ఈ రెండూ కలిపి 30, వాటిని ఎవరూ మార్చలేరు. మిగతా 40 నడుము, వ్యాయామానివి. నడుము రెండు సెంటీమీటర్లు తగ్గితే ఒక పది పోతుంది. రోజూ ఒళ్లు కదిలితే ఇంకొన్ని పోతాయి.

“సరే మేడం, అయితే ఇన్సులిన్ టెస్ట్ కూడా చేయించేద్దామా? సీటీ స్కాన్? అడ్వాన్స్‌డ్ ప్యాకేజీ ఒకటుంది, ఆఫర్‌లో వస్తోంది, 90 టెస్టులు.”

ఇక్కడ నేను గట్టిగా వద్దన్నాను. ఎందుకంటే ‘నార్మల్’ అనేది ఎలా పుడుతుందో చాలామందికి తెలియదు. ఎక్కువ పరీక్షల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కొలిచి, అందులో మధ్యనున్న 95 శాతం మందికి వచ్చిన అంకెల్ని నార్మల్ అంటారు. అంటే ఏ జబ్బూ లేని నూరుమందిలో ఐదుగురికి ఆ టెస్ట్ లెక్క ప్రకారమే తప్పు చూపిస్తుంది. ఒక పరీక్షకు ఇరవైలో ఒక వంతు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 60 పరీక్షలు ఒకేసారి చేస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా సగటున మూడు ఎర్రగా వస్తాయి. అరవైకి అరవై నల్లగా వచ్చేది నూటికి ఐదుగురికైనా ఉండదు. షుగర్, కొలెస్ట్రాల్ లాంటివాటికి గీతలు వేరే రకంగా పెట్టారు, నిజమే. ప్యాకేజీలో మిగతావాటి సంగతి మాత్రం ఇదే. ఇక పరగడుపు ఇన్సులిన్ అంటారా, ఒక ల్యాబు అంకెకూ ఇంకో ల్యాబు అంకెకూ పొంతన ఉండదు, ఎంత దాటితే జబ్బు అన్న గీత మీద ఏకాభిప్రాయమూ లేదు. అది పెరిగి ఉందని తెలిసినా నేను చెప్పేది పొట్ట తగ్గించమనే. టేపు చూశాకే ఆ మాట చెప్పగలిగాను కదా! భయపడే మనిషికి ఇంకో టెస్ట్ రాయడం దయ అనుకుంటాం. నా అనుభవంలో అది రెండు వారాల ప్రశాంతత, ఆ తర్వాత ఇంకో ఎర్ర అక్షరం.

రక్తపరీక్షల్లో దొరకనిది ఒకటి మాత్రం మిగిలింది, బీపీ. క్లినిక్‌లో 146/92 వచ్చింది. అంత భయంతో కూర్చున్న మనిషికి ఇంకెంత వస్తుంది? దానికి మందు రాయలేదు. ఇంట్లో చేతికి చుట్టే మెషీన్‌తో వారం రోజులు చూడమన్నాను. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, అరగంట ముందు నుంచి కాఫీ ఉండకూడదు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు చూడాలి. ఇంటి సగటు 135/85 దాటితే అప్పుడు మందు సంగతి మాట్లాడుకుందామన్నాను.

భయం వల్ల ఆయన అప్పటికే చాలా చేసేశారు. రాత్రి తిండి మానేశారు. పొద్దున జీలకర్ర నీళ్లు. రోజుకు మూడుసార్లు మెషీన్ ఎక్కి ఫోన్‌లో రాసుకుంటున్నారు. పొద్దున 69.4, రాత్రి 71.1. “పగలంతా కొవ్వు పెరుగుతోంది మేడం!” అన్నారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. తిన్నదీ తాగినదీ ఒంట్లో ఉంటుంది, ఉప్పు ఎక్కువైతే నీళ్లు నిలుస్తాయి, అంతే. అరకిలో కొవ్వు చేరాలంటే ఒక్క పగలు చాలదు. వారానికి ఒకసారి, పొద్దునే, కాలకృత్యాలయ్యాక చూడమన్నాను. నడుము నెలకోసారి చాలు.

తిండి గురించి పెద్ద ఉపన్యాసం అవసరం రాలేదు, కాఫీల దగ్గరే దొరికిపోయారు. రోజుకు ఐదు, ఒక్కోదానికి రెండు స్పూన్ల పంచదార. స్పూను 5 గ్రాములనుకుంటే రోజుకు 50 గ్రాములు, 200 కేలరీలు. రోజుకు రెండువేల కేలరీలు తినే మనిషి కలుపుకునే పంచదార మొత్తం 50 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆయనకు అది కాఫీలతోనే నిండిపోయింది, ఆదివారం దర్శిని హోటల్లో తినే కేసరి బాత్ ఇంకా లెక్కలోకి రాలేదు. రాత్రి తిండి మళ్లీ మొదలుపెట్టమన్నాను. కాఫీలు రెండుకు తగ్గించి, ఒక్కోదాంట్లో ఒకే స్పూను వేసుకోమన్నాను. రాత్రి తిన్నాక పావుగంట నడక, వారానికి రెండుసార్లు గుంజీళ్లు, గోడకు చేతులానించి దండాలు. తిన్న చక్కెరలో చాలా భాగం వెళ్లి చేరేది కండలోకి కాబట్టి అది కరిగిపోకుండా చూసుకోవాలి, తిండి మానేస్తే కొవ్వుతోపాటు అదీ పోతుంది. ఐదారు నెలల్లో మూడున్నర కిలోలు, అంటే 5 శాతం తగ్గితే చాలు. 58కి వెళ్లాల్సిన పని లేదు.

రెండు వారాల తర్వాత వచ్చారు. ఇంటి బీపీ సగటు 124/80. మందు అక్కర్లేదు. ఈసారి భార్య కూడా వచ్చింది. సన్నగా ఉంటుంది, 33 ఏళ్లు, బీఎంఐ 21. “ఆమెకేం మేడం, ఎంత తిన్నా ఒళ్లు రాదు,” అన్నారు ఆయన కొంచెం అసూయగా.

మాటల్లో తెలిసింది. నాలుగేళ్ల కిందట కాన్పుకు ముందు ఆమెకు షుగర్ వచ్చిందట. ఇన్సులిన్ కూడా ఇచ్చారట. “పాప పుట్టగానే పోయింది మేడం. మళ్లీ చూపించుకోలేదు. ఒంట్లో బాగానే ఉంది కదా అని.”

గర్భంలో షుగర్ వచ్చి పోయినవాళ్లకు, రానివాళ్లతో పోలిస్తే తర్వాత టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. కాన్పయిన 4 నుంచి 12 వారాల్లోపు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూడాలి. బాగుంటే కూడా ఒకటి నుంచి మూడేళ్లకోసారి జీవితాంతం చూస్తూనే ఉండాలి. ఆమెకు ఒక్కసారీ జరగలేదు. ఏ రిపోర్టూ ఆమె పేరు పక్కన ఎర్ర అక్షరాలు వేయలేదు, బరువు బాగుంది మరి.

గ్లూకోజ్ పరీక్ష ఆమెకు రాశాను. శనివారం పొద్దున ఏమీ తినకుండా రమ్మన్నాను.

“మరి నాకు మేడం?” అన్నారాయన.

“మీకు వచ్చే ఏడాది,” అన్నాను. “శనివారం పాపను మీరు చూసుకోండి, ఆమె ఇక్కడ రెండు గంటలకు పైగా కూర్చోవాలి.”